బదిలీ అడిగే మెయిల్లో బాధలు రాయాలా?

ప్రశ్న: అకౌంట్స్ విభాగంలో నాలుగున్నరేళ్లుగా పనిచేస్తున్నాను. సరఫరాదారుల బిల్లులు సరిచూసి చెల్లింపుకు పంపడం నా పని. నెలకు మూడు వందల దాకా వస్తాయి. చేసిందే చేస్తూ విసుగెత్తిపోయింది. నెలాఖరు వస్తే ఇంటికి ఎప్పుడు చేరతానో నాకే తెలియదు. నా తర్వాత చేరినవారికి పదోన్నతి వచ్చింది, నాకు రాలేదు. పర్చేజ్ విభాగంలో ఒక ఖాళీ రాబోతోందని తెలిసి, అక్కడికి మార్చమని మా మేనేజరుకు మెయిల్ రాసుకున్నాను. ఉన్నమాట ఉన్నట్టే రాశాను. పంపేముందు మా అక్క చదివి, "ఇది బదిలీ అడిగినట్టు లేదు, పోట్లాటకు వెళుతున్నట్టుంది" అంది. బాధలు పక్కన పెట్టి నాకు వచ్చిన పని గురించి, కంపెనీకి కలిగే లాభం గురించి రాయమంటోంది. అది నాటకం కాదా? అసలు ఎలా రాయాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ అక్కగారి పక్షాన నేనూ నిలబడతాను. ఎందుకంటే ఉద్యోగంలో చేరిన మూడో ఏట నేనూ అచ్చం మీలాంటి మెయిలే రాశాను. అప్పుడు స్టోర్స్‌లో ఉండేవాణ్ణి, ప్లానింగ్ విభాగానికి వెళ్లాలని కోరిక. మెయిల్లో ఆరు ఫిర్యాదులు, వరుస సంఖ్యలతో సహా పేర్చాను. మా మేనేజరు మంచివాడు. అదే నా కొంప ముంచింది. వారం తిరిగేసరికి ఆరింటిలో నాలుగు తీర్చేశాడు. షిఫ్టు మార్చాడు, సాయానికి ఇంకొకరిని ఇచ్చాడు, రాత్రి వేళ లెక్కింపు తప్పించాడు, చివరికి విరిగిన కుర్చీ కూడా మార్పించాడు. "ఇప్పుడు ఇబ్బంది లేదుగా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. నేను అడిగినవన్నీ దాదాపుగా ఇచ్చేశాడు, ఒక్క ప్లానింగ్ తప్ప. మళ్లీ నోరు తెరిచి అడగడానికి ఏడాదిన్నర పట్టింది.

ఫిర్యాదు అందుకున్న మనిషి ఫిర్యాదుకే జవాబిస్తాడు. మంచివాడైతే తీరుస్తాడు, కానివాడైతే ఖండిస్తాడు. పదోన్నతి గురించి రాస్తే పదోన్నతి ఎందుకు రాలేదో వివరిస్తాడు. నెలాఖరు పని గురించి రాస్తే అందరికీ అదే తిప్పలు కదా అంటాడు. ఏ దారిన పోయినా మాట పర్చేజ్ విభాగం దాకా వెళ్లదు. మరో సంగతి ఏమిటంటే, ఆ మెయిల్ మీ మేనేజరు దగ్గర ఆగిపోయేది కాదు. "దీని సంగతి చూడండి" అని ఒక్క వరుస పైన చేర్చి ఆయన దాన్ని పర్చేజ్ అధిపతికి పంపుతారు, హెచ్‌ఆర్‌కు పంపుతారు. మీరెవరో తెలియని పర్చేజ్ అధిపతి చదివే మొదటి మాట "విసుగెత్తిపోయింది" అయితే, రెండేళ్ల తర్వాత ఇదే మాట తన గురించి కూడా వింటానేమోనని అనుకోకుండా ఉంటాడా?

ఇక నాటకం సంగతి. ఇక్కడినుంచి ఎందుకు వెళ్లాలనుకుంటున్నారన్నది ఒక ప్రశ్న. అక్కడ మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు మీది, అది మీ దగ్గరే ఉండొచ్చు. మెయిల్ జవాబు చెప్పాల్సింది రెండోదానికి. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం అబద్ధమాడటం కాదు.

అయితే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. రేపు పొద్దున పిలిచి ఆ పదోన్నతి మీకే ఇస్తే, అప్పుడు కూడా పర్చేజ్‌కు వెళతారా? వెళ్లనని మనసు చెబితే మీకు కావాల్సింది బదిలీ కాదు, పదోన్నతి. దాని గురించి మాట్లాడటం వేరే పని, వేరే సమావేశం. అలాగే ఎవరైనా వేధిస్తున్నా, జీతం విషయంలో అన్యాయం జరుగుతున్నా దాన్ని నైపుణ్యాల మాటల కింద కప్పిపెట్టవద్దు. ఫిర్యాదు చేయాల్సిన చోట చేయండి. రేపు ఆ విషయం విచారణకు వస్తే, "ఇక్కడ అంతా బాగుంది, పైమెట్టు కోసం వెళుతున్నాను" అని మీరే రాసిన మెయిల్ మీకే అడ్డుపడవచ్చు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. అందుకే మిగతాది ధైర్యంగా రాస్తున్నాను.

కంపెనీకి లాభం అనగానే చాలామంది "కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, రెండు విభాగాల మధ్య వారధిలా ఉంటాను" అని రాస్తారు. అందరూ రాయగలిగిన మాట ఎవరికీ పనికిరాదు. మీ కుర్చీలో కూర్చున్నవారికి మాత్రమే కనిపించేది ఏదో ఒకటి కావాలి. నాలుగున్నరేళ్లుగా అది మీ చేతుల మీదుగానే పోతోంది: ఆగిపోయిన బిల్లులు.

మీకు తెలిసిందే అయినా మిగతా పాఠకుల కోసం చెబుతాను. బిల్లు చెల్లించాలంటే మూడు కాగితాలు ఒకే మాట చెప్పాలి. పర్చేజ్ వారు ఇచ్చిన ఆర్డరు, సరుకు అందిందని స్టోర్స్ వారు రాసిన రసీదు, సరఫరాదారు పంపిన బిల్లు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా కంప్యూటర్ బిల్లును ఆపేస్తుంది. ఉదాహరణకు పర్చేజ్ వారు 20 పెట్టెలు, పెట్టె 600 చొప్పున ఆర్డరు ఇచ్చారు. స్టోర్స్‌లో 20 పెట్టెలు దించుకుని అలాగే రాసుకున్నారు. సరఫరాదారు మాత్రం తన అలవాటు ప్రకారం 240 ముక్కలు, ముక్క 50 అని బిల్లు వేశాడు. ఎటు లెక్కేసినా 12,000. మనిషి కంటికి తేడా ఏమీ లేదు. కానీ ఒక వైపు 20, మరో వైపు 240 చూసిన కంప్యూటర్ ససేమిరా అంటుంది. అప్పుడు మీరు స్టోర్స్‌కు ఫోను చేసి, పర్చేజ్‌కు మెయిల్ పెట్టి, వారు ఆర్డరు సవరించేదాకా కాచుకుని కూర్చుంటారు. ఈలోగా 10 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గింపు అన్న గడువు దాటిపోతుంది. మీ విసుగులో సగం ఇదేనని నా అనుమానం. ఆ విసుగునే లెక్కగా మార్చండి.

గత మూడు నెలల్లో ఆగిన బిల్లుల జాబితా తీయండి. ఒక్కోదాని పక్కన అది ఎందుకు ఆగిందో ఒక్క మాటలో రాయండి. ఒక సాయంత్రం పని. 900 బిల్లుల్లో 126 ఆగాయని అనుకుందాం, అంటే నూటికి 14. ఆ 126లో 71 కొలత తేడా వల్ల, 30 ఆర్డరులో పాత ధర ఉండిపోవడం వల్ల, 25 స్టోర్స్ రసీదు పడకపోవడం వల్ల ఆగాయని తేలిందనుకోండి. ఒక్కోదాన్ని విడిపించడానికి ఎంతసేపు పడుతుందో ఓ పదింటికి గడియారం చూసి రాసుకోండి. సగటున 25 నిమిషాలైతే మూడు నెలలకు 52 గంటల పైమాటే. మీ అంకెలు వేరుగా వస్తాయి, వచ్చినవే రాయండి. బాగా కనిపించాలని పెంచవద్దు. మీ మేనేజరు అదే జాబితాను రెండు నిమిషాల్లో తీసి చూడగలరు.

ఈ అంకెల్లో రసీదు పడని ఆ 25 బిల్లులు మీ మెయిల్లోకి రాకూడదు, గమనించారా? రసీదు పడకపోవడం స్టోర్స్ తప్పు. మీరు పర్చేజ్‌కు వెళ్లినా అది మారదు. ఎక్కడికి వెళితే ఏది సరిచేయగలరో అంతవరకే మాట ఇవ్వండి. 71, 30 మాత్రం ఆర్డరు రాసేచోట పుట్టినవి. సరుకుల పట్టికలో ఒక పెట్టె అంటే 12 ముక్కలు అని మార్పిడి నమోదు చేస్తే, లేదా సరఫరాదారు బిల్లు వేసే కొలతలోనే ఆర్డరు ఇస్తే, ఆ సరుకు విషయంలో మొదటి రకం మళ్లీ పుట్టదు. కొత్త ధర ఒప్పుకున్న రోజే పట్టికలో మారిస్తే రెండో రకం కూడా చాలావరకు తగ్గుతుంది.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. తెలివైనవారు పడేది ఇందులోనే. తమ విభాగం మీద ఫిర్యాదులన్నీ జాగ్రత్తగా తీసేసి, వెళ్లబోయే విభాగం మీద ఫిర్యాదు రాసేస్తారు. "మీ ఆర్డర్లలో తప్పుల వల్ల 101 బిల్లులు ఆగాయి" అంటే పర్చేజ్ అధిపతికి అది నిందలాగే వినిపిస్తుంది. పైగా ఆ మెయిల్‌ను మీ మేనేజరు కూడా చదివారు కాబట్టి ఆయనకది పరువు సమస్య. అదే సంగతిని "బిల్లు నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యమైపోతోంది. ఆర్డరు దశలోనే పట్టుకోగలిగినవి 101 కనిపించాయి" అని రాయండి. అంకె అదే. తప్పు ఎవరిదన్న మాట మాత్రం లేదు.

మీ మేనేజరు కాస్త గడుసువారైతే ఇంకో ప్రశ్న వేస్తారు: "ఇంతే కదా, పర్చేజ్ వారికి ఒక మెయిల్ పెడితే సరిపోతుంది. దీనికి మీరు మారడమెందుకు?" న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు లేకుండా వెళితే మీ అంకెలన్నీ ఆయన వాడుకుంటారు, మీరు మాత్రం ఉన్నచోటే ఉంటారు. నా కుర్చీ కథే మళ్లీ. జవాబు ఇలా ఉండాలి. ఉన్న తేడాలను ఒక మెయిల్ సరిచేస్తుంది. కానీ ప్రతి కొత్త సరఫరాదారుతో, ప్రతి కొత్త సరుకుతో, ప్రతి కొత్త ధరతో అవి మళ్లీ పుడతాయి. కొలత, ధర, చెల్లింపు గడువు ఒప్పుకునే వేళ ఆ బల్ల దగ్గర బిల్లు సంగతి తెలిసిన మనిషి ఉండాలి. మీరు అడుగుతున్నది ఆ చోటు.

ఈ మాట వట్టి మాటగా మిగలకూడదంటే మెయిల్ పంపేముందు ఒక చిన్న పని చేయండి. ఎక్కువ తేడాలు వచ్చే సరఫరాదారును ఒక్కరిని ఎంచుకోండి. మీ మేనేజరుకు చెప్పి, పర్చేజ్‌లో ఆ సరఫరాదారును చూసే మనిషితో కూర్చుని కొలతలు సరిచేయించండి. తర్వాతి నెలలో ఆ సరఫరాదారు బిల్లులు ఎన్ని ఆగాయో చూడండి. తొమ్మిది ఆగేచోట ఒకటే ఆగితే, దాన్ని మించిన సిఫారసు ఉత్తరం ఎవరూ రాయలేరు. తగ్గకపోతే కారణం మీరు అనుకున్నది కాదన్నమాట. అది సమావేశంలో బయటపడేకంటే ముందే తెలియడం నయం.

మీకు రానిదాన్ని కూడా ఒక వరుసలో ఒప్పుకోండి. సరఫరాదారులతో ధర బేరమాడటం మీరెన్నడూ చేయలేదు. పర్చేజ్ అధిపతి మొదట వెతికేది అదే. దాచినా దొరికిపోతుంది. చెల్లింపు ఆలస్యమై కోపంగా ఉన్న సరఫరాదారులతో ఫోనులో నెగ్గుకొచ్చారు కదా, అది బేరం కాకపోయినా దానికి దగ్గరి చుట్టమే. అంతవరకే చెప్పుకోండి, అంతకు మించి లాగవద్దు.

ఇప్పటిదాకా మీరు వెళ్లబోయే విభాగం లాభం గురించే మాట్లాడాం. "సరే" అనాల్సింది మాత్రం నష్టపోయే మేనేజరు. మెయిల్ చూడగానే ఆయనకు కనిపించేది మీ నైపుణ్యం కాదు, ఖాళీ కుర్చీ. నెలకు 300 బిల్లులు ఎవరు చూడాలి? కాబట్టి మెయిల్లో మూడో వంతు దీనికే కేటాయించండి. నెలాఖరు క్లోజింగ్ ముగిశాకే మారతానని రాయండి, సంవత్సరాంతం లెక్కలు దగ్గర పడితే అవీ అయ్యాకే. మీ పని ఎవరికి నేర్పవచ్చో మీకు తెలిసే ఉంటుంది. పేరు రాయకండి, అది ఆయన నిర్ణయం. "నేర్పడానికి ఆరు వారాలు చాలు, మొదటి క్లోజింగ్ నేను చేస్తుంటే చూస్తారు, రెండోది వారు చేస్తుంటే నేను చూస్తాను" అని రాయండి.

ఇంకొక్కటి. అకౌంట్స్‌లో పనిచేసినవారు మాత్రమే రాయగలిగిన వరుస ఇది: కొనుగోలు చేసే మనిషి చేతిలో చెల్లింపు అధికారం ఉండకూడదు. ఆర్డరు ఇచ్చేదీ, బిల్లు పాస్ చేసేదీ ఒకరే అయితే మోసానికి తలుపు తెరిచినట్టే. ఆడిటర్లు తప్పకుండా చూసే విషయం. విభాగం మారినవారి పాత అనుమతులు కంప్యూటర్‌లో అలాగే ఉండిపోవడం చాలాచోట్ల జరుగుతుంది. "మారిన రోజే నా చెల్లింపు అనుమతులు రద్దు చేయించాలి" అని మీరే రాస్తే, మీరెంత ఆలోచించి అడుగుతున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ కలిపితే మెయిల్ సుమారుగా ఇలా ఉంటుంది. మాటలు మీవి పెట్టుకోండి.

"నమస్కారం సర్. పర్చేజ్ విభాగంలో రాబోయే ఖాళీకి నన్ను పరిశీలించమని కోరుతున్నాను. ముందుగా మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

గత మూడు నెలల్లో ఆగిన 126 బిల్లుల కారణాలు పరిశీలించాను. వాటిలో 101 కొలత, ధర తేడాలు. నా దగ్గరికి వచ్చాక ఒక్కోదానికి సుమారు 25 నిమిషాలు పడుతోంది. ఆర్డరు దశలోనే వీటిని నివారించవచ్చు. ఒక సరఫరాదారు విషయంలో ప్రయత్నిస్తే గత నెల తొమ్మిదికి బదులు ఒక్క బిల్లే ఆగింది. కొత్త సరఫరాదారులతో కొలతలు, ధరలు, గడువులు ఒప్పుకునే దశలోనే ఈ పని చేయగలిగితే రెండు విభాగాలకూ సమయం మిగులుతుంది. ధరల బేరంలో నాకు అనుభవం లేదు, అది అక్కడ నేర్చుకోవాలి.

ఇక్కడి పనికి ఇబ్బంది రాకుండా, మీరు సూచించినవారికి ఆరు వారాల్లో రెండు క్లోజింగ్‌ల మీదుగా పని అప్పగించగలను. మారిన రోజే నా చెల్లింపు అనుమతులు రద్దు చేయించాలి. క్లోజింగ్ అయ్యాక ఒక 20 నిమిషాలు మీతో మాట్లాడే వీలుంటుందా?"

ఇంతే. సరఫరాదారుల పేర్లు, ధరలు ఇందులో పెట్టకండి, ఈ మెయిల్ ఎందరి కళ్ల పడుతుందో తెలియదు. "మీ దగ్గర ఎంతో నేర్చుకున్నాను" వంటి తేనెమాటలూ వద్దు. నిజమైతే ఎదురుగా చెప్పండి. జీతం, హోదా ఊసు కూడా ఇప్పుడే వద్దు. సమాన స్థాయిలో మారినప్పుడు జీతం వెంటనే మారకపోవడమే మామూలు. ఆ సంగతి పర్చేజ్ వారు ఒప్పుకున్నాక, మీరు ఒప్పుకోవడానికి ముందు అడగాలి.

పంపేముందు మీ కంపెనీ నియమాలు ఒకసారి చదవండి. ఒక విభాగంలో ఇంతకాలం పనిచేసి ఉండాలని, పనితీరు మార్కులు ఇంతకు తగ్గకూడదని చాలా సంస్థలు షరతు పెడతాయి. పర్చేజ్‌లో తెలిసినవారిని పని ఎలా ఉంటుందని అడగవచ్చు. "నన్ను తీసుకుంటారా?" అని ఆ విభాగం అధిపతిని మాత్రం మీ మేనేజరుకు తెలియకముందు అడగవద్దు. ఆ ఇద్దరూ రోజూ మాట్లాడుకునేవారే. మీ నోట వినాల్సిన మాట ఆయన ఇంకొకరి నోట వింటే, అక్కడితో ఈ మెయిల్ విలువ పోయినట్టే.

సమావేశంలో ఆయన తప్పక అడుగుతారు: "ఇక్కడ ఏమైనా ఇబ్బందా?" అసలు పరీక్ష ఇదే, మెయిల్ కాదు. ఏమీ లేదని చెప్పకండి. ఆయన నమ్మరు, మీ ముఖం కూడా సహకరించదు. "నాలుగున్నరేళ్లుగా ఒకే పని కాబట్టి ఇందులో నాకు నేర్చుకోవడానికి మిగిలింది తక్కువ. అది కూడా ఒక కారణమే" అని చెప్పి ఆగిపోండి. నిజమే చెప్పారు, ఎవరినీ అనలేదు. ఆయన "పదోన్నతి విషయమా?" అని తవ్వితే, "ఆ సంగతి విడిగా మాట్లాడదాం సర్, ఈ మార్పు దాని కోసం అడగడం లేదు" అనండి. పైన చెప్పిన పరీక్షలో నెగ్గి ఉంటే ఈ మాట చెప్పడం కష్టం కాదు. ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని నింపడానికి నోరు జారకండి. నెలాఖరు రాత్రుల సంగతి బయటికొచ్చేది సరిగ్గా ఆ క్షణంలోనే.

కుదరదంటే కారణం అడగండి. కారణాన్ని బట్టి తేదీ అడగండి. "మనిషి లేరు" అంటే, మనిషి దొరికాక ఎప్పుడు? "ఈ ఏడాది వద్దు" అంటే, వచ్చే ఏడాది ఏ నెలలో మళ్లీ కూర్చుందాం? రాజీనామా మాట బెదిరింపుగా ఎత్తకండి. అది ఒక్కసారే పనిచేసే ఆయుధం, అదీ నిజంగా వెళ్లేవారి చేతిలో. ఔనన్నా కాదన్నా ఆ సాయంత్రమే మూడు వరుసల మెయిల్ పెట్టండి: ఏం మాట్లాడుకున్నాం, ఎవరు ఏం చేస్తామన్నారు, మళ్లీ ఎప్పుడు కలుస్తాం. అందులో ఆ 126 బిల్లుల జాబితా జతచేయండి. ఇప్పుడైతే ఆయనే అడిగి ఉంటారు.